పది నక్షత్రాలు, రెండు లూపులు

ముగ్గేసేవాళ్లు ముందు చుక్కలు పెట్టుకుంటారు. ఏ వరుసకు ఎన్ని చుక్కలో వాళ్లకు ముందే లెక్క ఉంటుంది. సి భాష ల్యాబ్‌లో నక్షత్రాల త్రిభుజం వేయడమూ అలాంటి పనే. కాకపోతే ముగ్గులో ఒక చుక్క తప్పితే వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు. `printf` మాత్రం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికే పోతుంది. అందుకే ఒక్కో వరుసనూ పూర్తిచేశాకే కిందికి దిగాలి.

```c
for (i = 1; i <= 4; i++) {
    for (j = 1; j <= i; j++)
        printf("*");
    printf("\n");
}
```

బయటి లూప్ వరుసల్ని లెక్కపెడుతుంది, లోపలిది ఆ వరుసలోని నక్షత్రాల్ని. `i` విలువ 1 ఉన్నప్పుడు `j` 1తో మొదలై ఒక నక్షత్రం వేస్తుంది. తర్వాత 2 అవుతుంది. 2 అన్నది 1 కంటే పెద్దది కాబట్టి లోపలి లూప్ ఆగిపోతుంది, `\n` కొత్త వరుసకు దింపుతుంది. ఇప్పుడు `i` 2. `j` మళ్లీ 1 నుంచే మొదలవుతుంది! ఈసారి రెండు నక్షత్రాలు. ఇలా 1, 2, 3, 4 కలిపి మొత్తం పది.

```
*
**
***
****
```

కొత్తవాళ్లు తడబడేది ఆ ‘మళ్లీ 1 నుంచి’ దగ్గరే. `for` బదులు `while` రాస్తూ `j = 1`ను బయటి లూప్ కంటే పైన పెట్టేస్తే, `j` పాత విలువ నుంచే కొనసాగుతుంది. అప్పుడు వరుసకు ఒక్క నక్షత్రమే పడి, త్రిభుజం కాస్తా నిలువు గీత అవుతుంది. అదే నిలువు గీత నాలుగు కాకుండా పది నక్షత్రాలతో వస్తే తప్పు వేరు: `\n` లోపలి లూప్‌లో దూరింది. పదీ ఒకే వరుసలో అడ్డంగా పడితే బయటి లూప్ బ్రాకెట్లు మరిచిపోయారన్నమాట. తెర మీద పడ్డ బొమ్మే తప్పెక్కడుందో చెప్పేస్తుంది.

అంకెలకు ఈ లూపులే చాలు. నక్షత్రం బదులు `printf("%d ", j)` అంటే మూడో వరుసలో 1 2 3 వస్తుంది. `j` తీసి `i` పెడితే 3 3 3. ఒక్క అక్షరంలోనే ఉంది తేడా అంతా.

మరి వరుస మారినా అంకె ఆగకుండా సాగాలంటే?

```
1
2 3
4 5 6
7 8 9 10
```

దీన్ని ఫ్లాయిడ్ త్రిభుజం అంటారు. `i`, `j` రెండూ ఇక్కడ లెక్కపెట్టడానికే. అచ్చు వేయడానికి `n` అనే మూడో వేరియబుల్ కావాలి. రెండు లూపులకూ పైన `n = 1` అని పెట్టి, లోపల `printf("%d ", n++)` అనాలి. ఆ `n = 1` పొరపాటున బయటి లూప్ లోపలికి జారితే మూడో వరుసలో 4 5 6 ఉండదు, పాత 1 2 3 మళ్లీ ప్రత్యక్షమవుతుంది.