గృహప్రవేశం చేసేశాక లేటు డబ్బులు అడగొచ్చా? | ఇంటి కాంట్రాక్టులో మూడు క్లాజులు

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఇంటి కాంట్రాక్టు గురించి మాట్లాడుకుందాం. సొంత ప్లాటులో కాంట్రాక్టర్‌తో ఇల్లు కట్టిస్తున్నప్పుడు చాలామంది ఒప్పందంలో చదరపు అడుగు రేటు ఒక్కటే చూస్తారు. గొడవలు మాత్రం ఎక్కువగా మూడు చోట్ల వస్తాయి: మధ్యలో చేసిన మార్పులు, ఆలస్యం, చివర్లో ఆపిన డబ్బు. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

యాప్రాల్‌లో ఒకాయన రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టారనుకోండి. మొత్తం 2,000 చదరపు అడుగులు, మెటీరియల్‌తో కలిపి అడుగుకి 2,000 రూపాయలు. అంటే 40 లక్షలు. నవంబర్ 30కి తాళాలు ఇవ్వాలి.

ముందు మార్పుల సంగతి. గోడలు లేచాక ఇంట్లోవాళ్లు పైన ఇంకో బాత్రూమ్ కావాలన్నారు. కాంట్రాక్టర్ "అలాగే సార్, చేసేద్దాం" అన్నాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆ రోజే వాట్సాప్‌లో మూడు విషయాలు రాసుకోవాలి: ఏం మారుతోంది, ఎంత అవుతుంది, ఎన్ని రోజులు పెరుగుతాయి. మన ఉదాహరణలో లక్షా 40 వేలు, 15 రోజులు. కాంట్రాక్టర్ "ఓకే" అని రిప్లై ఇచ్చాడు. డబ్బు రాసుకుని రోజులు వదిలేస్తే రేపు ఆలస్యమంతా ఆ బాత్రూమ్ మీదకే తోసేస్తారు. "నేను రాసివ్వలేదు కాబట్టి డబ్బులివ్వను" అని మనమూ అనలేం. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పనిని మనం వాడుకుంటే, దానికి తగిన డబ్బు ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది.

ఇప్పుడు ఆలస్యం. రోజుకి ఎంత అని రాసేటప్పుడు నోటికొచ్చిన అంకె వేయొద్దు. ఆయన ఇప్పుడు కడుతున్న అద్దె 18 వేలు, పై పోర్షన్‌కి రావాల్సిన అద్దె 12 వేలు. నెలకి 30 వేలు, అంటే రోజుకి 1,000. ఈ లెక్క ఒప్పందంలోనే ఉండాలి. ఎందుకంటే 74వ సెక్షన్ ప్రకారం మనం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఆ పరిమితిలోపు సమంజసమైన పరిహారం ఇప్పిస్తుంది. రోజుకి 10 వేలు అని భయపెట్టడానికి రాస్తే అది నిలబడటం కష్టం. అద్దె రసీదులు దాచుకోండి.

తాళాలు ఫిబ్రవరి 8న వచ్చాయి. అంటే 70 రోజులు లేటు. బాత్రూమ్‌కి ఒప్పుకున్న 15 తీసేస్తే 55 రోజులు, అంటే 55 వేలు.

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. మాఘమాసంలో మంచి ముహూర్తం ఉందని గబగబా పాలు పొంగించి ఇంట్లో దిగిపోతారు. గడువే ముఖ్యమని రాసుకున్న ఒప్పందంలో, లేటుగా ఇచ్చిన పనిని మీరు ఒప్పుకుని తీసుకుంటే ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోతుంది. తీసుకునేటప్పుడే "పరిహారం అడుగుతాను" అని నోటీసు ఇస్తే మాత్రం హక్కు ఉంటుంది. 55వ సెక్షన్ చెప్పేది ఇదే. అందుకే తాళాలు తీసుకునే రోజే ఒక్క మెసేజ్ పంపండి: "ఇల్లు తీసుకుంటున్నాను. 55 రోజుల ఆలస్యానికి ఒప్పందం ప్రకారం పరిహారం పొందే హక్కు అలాగే ఉంచుకుంటున్నాను." గొడవ పడక్కర్లేదు, రాతలో ఉంటే చాలు.

మరి ఆ 55 వేలు వచ్చేదెలా? దీనికే రిటెన్షన్ మనీ. ప్రతి బిల్లులో 5 శాతం ఆపుతూ వస్తే 40 లక్షల మీద 2 లక్షలు మన దగ్గరుంటాయి. బాత్రూమ్ డబ్బు విడిగా ఇచ్చేశారు. ఒప్పందం ప్రకారం రిటెన్షన్‌లో సగం తాళాలప్పుడు, మిగతా సగం ఏడాది తర్వాత ఇవ్వాలి. పరిహారాన్ని ఇందులోంచి మినహాయించుకోవచ్చని కూడా రాసుకున్నారు. కాబట్టి తాళాల రోజు లక్షలో 55 వేలు తగ్గించి 45 వేలు ఇచ్చారు.

ఏడాదే ఎందుకంటే ఇల్లు ఒక వానాకాలం చూడాలి. టెర్రస్ లీకు, గోడల్లో చెమ్మ జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే బయటపడతాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆపిన డబ్బు కాంట్రాక్టర్ కష్టార్జితం, మీకు డిస్కౌంట్ కాదు. లీకు కనిపిస్తే ఫొటో పంపి, బాగుచేయడానికి 15 రోజులిచ్చి, అప్పటికీ రాకపోతేనే వేరేవాళ్లతో చేయించి ఆ బిల్లు మేరకే కోసుకోవాలి. ఏ లోపం లేకపోతే ఏడాది నిండిన రోజే లక్ష ఇచ్చేయండి.

మీ ఒప్పందంలో ఈ మూడు క్లాజులూ ఉన్నాయో లేదో ఈ రాత్రే తీసి చూడండి. డౌట్లుంటే కామెంట్‌లో రాయండి.