రాసింది జి, వినిపించేది బి ఫ్లాట్

బీతోవెన్ అయిదో సింఫనీ మొదలయ్యే నాలుగు స్వరాలు ఎవరికైనా గుర్తుంటాయి. జి, జి, జి, తర్వాత దిగువన పొడుగ్గా ఇ ఫ్లాట్. ఫుల్ స్కోరు మొదటి పేజీలో ఫస్ట్ వయొలిన్ల వరుసలో సరిగ్గా ఇవే ఉంటాయి. వాటితో పాటు అదే పాట వాయించే గాలివాద్యం అక్కడ క్లారినెట్ ఒక్కటే. కానీ దాని వరుసలో ఎ, ఎ, ఎ, ఎఫ్ అని ఉంటుంది. మిగతా వారికి మూడు ఫ్లాట్ల కీ సిగ్నేచర్ ఉంటే, క్లారినెట్‌కు ఒక్కటే ఫ్లాట్. హార్న్‌ల వరుసలోనైతే అసలు కీ సిగ్నేచరే లేదు.

అచ్చుతప్పేమీ లేదు. 1808 డిసెంబరులో వియన్నాలో ఈ సింఫనీని తొలిసారి వాయించినవాళ్లకు ఇది మామూలు రాత. పియానో మీద నొక్కితే ఏ స్వరం పలుకుతుందో దాన్ని కాన్సర్ట్ పిచ్ అంటారు. వయొలిన్, ఫ్లూట్, ఓబో, బసూన్‌లకు రాసిందీ వినిపించేదీ ఒకటే. క్లారినెట్, హార్న్ లాంటి వాటికి అవి రెండూ వేరు. వీటినే ట్రాన్స్‌పోజింగ్ వాద్యాలంటారు.

మన కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు దీని లోపలి కీలకం త్వరగా అందుతుంది. గాయని అయిదున్నర శ్రుతిలో పాడినా, గాయకుడు ఒకటిన్నరలో పాడినా పుస్తకంలో రాసుకునేది 'స' అనే. శ్రుతి పెట్టెలో మీట మార్చితే సరిపోతుంది, కృతిని మళ్లీ రాయక్కర్లేదు. 'ఇ ఫ్లాట్ హార్న్' అంటే కాగితం మీది సిని 'స'గా పెట్టుకుని, ఆ 'స'ను రెండున్నర శ్రుతిలో పలికించే వాద్యం. 'బి ఫ్లాట్ క్లారినెట్' అంటే కాగితం మీది సి ఆరున్నర శ్రుతిలో పలుకుతుంది. తేడా అల్లా ఒకటే. మన కచేరీలో వేదిక మీద అందరిదీ ఒకే శ్రుతి. ఆర్కెస్ట్రా స్కోరులో మాత్రం ఒకే పేజీలో ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క శ్రుతి ఉంటుంది.

క్లారినెట్ లెక్క చూద్దాం. సి రాస్తే బి ఫ్లాట్ వినిపిస్తుంది, అంటే రాసినదానికి ఒక పూర్తి స్వరం, రెండు అర్ధస్వరాలు, కిందికి. కాబట్టి జి వినిపించాలంటే ఎ రాయాలి, ఇ ఫ్లాట్‌కు ఎఫ్ రాయాలి. సి మైనర్ రాగచ్ఛాయ ఆయన వరుసలో డి మైనర్ అవుతుంది, డి మైనర్‌కు ఒక్క ఫ్లాటే. మొదటి పేజీలో కనబడ్డ రెండు వింతలకూ సమాధానం ఇదే. చాలా మంది దిశ దగ్గరే తడబడతారు. రాసినదాన్ని చదివి వినిపించేది కనుక్కోవాలంటే కిందికి దిగాలి, వినిపించాల్సింది తెలిసి రాయాలంటే పైకెక్కాలి.

ఇంత తిరకాసు దేనికంటే సమాధానం వేళ్లలో ఉంది. క్లారినెట్లు అప్పటికే వేర్వేరు పొడవుల్లో ఉండేవి, సి, బి ఫ్లాట్, ఎ అని. ఏది చేతికి తీసుకున్నా ఒకే రాతకు వేళ్లు ఒకే చోట పడాలి. అందుకే రాత వేళ్లను చూపిస్తుంది, స్వరాన్ని వాద్యం పొడవు నిర్ణయిస్తుంది. షార్పులూ ఫ్లాట్లూ ఎక్కువైన కీలలో పాతకాలపు క్లారినెట్ వాయించడం కష్టం, వాద్యాన్నే మార్చుకుంటే కాగితం మీద కీ తేలికవుతుంది.

హార్న్ కథ ఇంకా లోతైనది. బీతోవెన్ నాటి హార్న్‌కు వాల్వులు లేవు. అది మెలితిప్పిన పొడవాటి ఇత్తడి గొట్టం, అంతే. పెదాల బిగువు మార్చి ఊదితే ఆ గొట్టం సహజంగా ఇచ్చే కొన్ని మెట్లే పలుకుతాయి. కాగితం భాషలో అవి ఎక్కువగా సి, ఇ, జి. పై స్థాయిలో డి కూడా చేరుతుంది. మధ్యలో ఖాళీలుంటాయి. కీ మారితే గొట్టానికి వేరే పొడవున్న చుట్టను, అంటే క్రుక్‌ను, తగిలించాలి. ఇ ఫ్లాట్ చుట్ట పెడితే రాసిన సి ఆరు మెట్ల దూరాన, అంటే ఒక మేజర్ సిక్స్త్ కింద, ఇ ఫ్లాట్‌గా పలుకుతుంది.

ఇప్పుడు మొదటి భాగం 59వ బార్‌కు వెళ్లండి. తుఫానులా సాగిన సంగీతం ఒక్కసారి ఆగి, రెండు హార్న్‌లు బిగ్గరగా పిలుపు ఊదుతాయి. కాగితం మీద జి, జి, జి, సి, డి, జి. వినిపించేది బి ఫ్లాట్ మూడుసార్లు, తర్వాత ఇ ఫ్లాట్, ఎఫ్, కింది బి ఫ్లాట్. రాసిన ప్రతి స్వరమూ సహజమైన మెట్టే, కాబట్టి ఎంత గట్టిగా ఊదినా నిండుగా మోగుతుంది.

అదే పిలుపు 303వ బార్‌లో మళ్లీ వస్తుంది, కానీ ఈసారి సి మేజర్‌లో. వినిపించాల్సింది జి, జి, జి, సి, డి, జి. ఇ ఫ్లాట్ చుట్టతోనే ఉన్న హార్న్‌కు దీన్ని రాయాలంటే ఇ, ఇ, ఇ, ఎ, బి, ఇ అని రాయాలి. ఆ ఎ, బి రెండూ గొట్టంలో లేని మెట్లు. చేతిని గంటలోకి దూర్చి వాటిని రాబట్టవచ్చు గానీ గొంతు నొక్కినట్టు మసకగా వస్తాయి, అంత పెద్ద పిలుపుకు అవి చాలవు. బీతోవెన్ దాన్ని బసూన్‌లకు ఇచ్చాడు. బసూన్ రాసినదే పలికే వాద్యం. అంచేత స్కోరులో విచిత్రం కనబడుతుంది: 59లో హార్న్‌లకూ 303లో బసూన్‌లకూ స్వరాల పేర్లు ఒకటే, వినిపించేవి మాత్రం వేరు. ఈ రెండు బార్లనూ పియానో మీద వాయించి చూసినవాళ్లకు ట్రాన్స్‌పోజిషన్ ఇక మరపురాదు. తర్వాతి కాలంలో వాల్వ్ హార్న్‌లు వచ్చాక కొందరు కండక్టర్లు 303ను కూడా హార్న్‌లకే అప్పగించారు. నాకైతే బసూన్‌ల బొంగురే నచ్చుతుంది. పిలుపు తిరిగొచ్చిందిగానీ మునుపటి అధికారంతో కాదన్న భావం అందులో వినిపిస్తుంది.

ఇ ఫ్లాట్ హార్న్ వరుసను చకచకా చదవడానికి పాత కిటుకు ఒకటుంది. ట్రెబుల్ క్లెఫ్‌ను మరిచి, అక్కడ బేస్ క్లెఫ్ ఉన్నట్టూ మూడు ఫ్లాట్ల కీ సిగ్నేచర్ ఉన్నట్టూ ఊహించుకుని, వచ్చినదాన్ని ఒక ఆక్టేవ్ పైకి తీసుకోండి. అయిదు గీతల పైన కూర్చున్న జి చుక్క బేస్ క్లెఫ్‌లో బి అవుతుంది, కీ సిగ్నేచర్ దాన్ని బి ఫ్లాట్ చేస్తుంది. పిలుపు మొదటి స్వరం అదే కదా.

ఈ కిటుకు దెబ్బతినేది షార్ప్, ఫ్లాట్ గుర్తుల దగ్గర. హార్న్ వరుసలో ఎఫ్ షార్ప్ కనబడితే వినిపించేది షార్ప్ కాదు, ఎ నాచురల్. కీ సిగ్నేచర్‌లోని ఎ ఫ్లాట్‌ను ఆ షార్ప్ గుర్తు మామూలు ఎ గా మారుస్తోందన్నమాట. గుర్తును యథాతథంగా మోసుకుపోతే తీగ మొత్తం చెడుతుంది. తప్పు పట్టుకోవడానికి మంచి మార్గం, అదే చోట అదే పాట వాయించే వయొలిన్ వరుసతోనో బసూన్ వరుసతోనో సరిచూసుకోవడం. మొదటి బార్‌లో క్లారినెట్‌ను ఉన్నదున్నట్టు చదివితే జి పక్కన ఎ గరుకుగా రాసుకుంటుంది, చెవి వెంటనే చెబుతుంది.

ఇదంతా వద్దనుకుని స్కోరు మొత్తం కాన్సర్ట్ పిచ్‌లో రాసినవాళ్లున్నారు, ప్రొకోఫియెవ్ అందులో ముఖ్యుడు. కండక్టర్ చదవడం నిజంగానే తేలికవుతుంది. కానీ రిహార్సల్‌లో క్లారినెట్ వాద్యకారుడు లేచి "ఇక్కడ నాది ఎఫ్ షార్పా, ఎఫ్ నాచురలా?" అని అడిగితే, కండక్టర్ తన ముందున్న ఇ ని చూసి లోలోపల లెక్కవేసి జవాబివ్వాలి. మామూలు స్కోరులో ఆయన చూసేదే ఈయనా చూస్తాడు.

మొదటి భాగం చదివాక నాలుగోదాన్ని తెరవండి. అది సి మేజర్. అక్కడ క్లారినెట్లను బీతోవెన్ సి లోనే రాశాడు, రాసిందే వినిపిస్తుంది. హార్న్‌లు కూడా సి లోనే, కాకపోతే ఒక ఆక్టేవ్ కింద పలుకుతాయి. ఇప్పుడు ఆర్కెస్ట్రాల్లో సి క్లారినెట్ అరుదు గనుక వాద్యకారులు ఎక్కువగా బి ఫ్లాట్ క్లారినెట్ మీదే, ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు పైకి ఊహించుకుంటూ ఆ భాగం వాయిస్తారు. నేటి ఎఫ్ హార్న్‌తో ఇ ఫ్లాట్ వరుస వాయించేవాళ్లు అదే పని ఒక మెట్టు కిందికి చేస్తారు, జి ని చూసి ఎఫ్ వేళ్లు వేస్తారు. వినేవాళ్లకు వచ్చేది మాత్రం ఆ బి ఫ్లాటే.