ఎవరెస్టు ఎత్తులో ఎన్ని అంకెలు నమ్మాలి?

ఎవరెస్టు శిఖరం ఎత్తు 29,002 అడుగులని భారత సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా 1856లో ప్రకటించాడు. ఆ సంఖ్య మీద ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. లెక్క సరిగ్గా 29,000 అని తేలిందట. గుండు సున్నాలు చూస్తే జనం ఉజ్జాయింపు అనుకుంటారని రెండడుగులు కలిపారట. కథ బాగుంది కానీ, ఆనాటి కొలతలు దానికి సాక్ష్యం చెప్పవు.

నేపాల్‌లో అడుగు పెట్టే వీల్లేక సర్వే బృందం బీహార్ మైదానాల్లో ఆరు చోట్ల థియోడొలైట్లు నిలిపి, నూరు మైళ్ళకు పైగా దూరంలో ఉన్న శిఖరాన్ని చూసింది. ఆరు చోట్ల నుంచి తేలిన ఎత్తులు అడుగుల్లో ఇవి: 28,991.6, 29,005.3, 29,001.8, 28,998.6, 29,026.1, 28,990.4. కూడి ఆరుతో భాగిస్తే 29,002.3 వస్తుంది. ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు.

అయితే ఆ చివరి .3ని నమ్మవచ్చా? అడుగులో పదో వంతు అంటే అంగుళం పైచిలుకు. కొలతల్లోనేమో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య దాదాపు 36 అడుగుల తేడా ఉంది. ఇంత చెదిరిన కొలతల సగటు అంగుళం దాకా పలుకుతోందంటే అది భాగహారం ఇచ్చిన అంకె మాత్రమే. శిఖరం గురించి అది ఏమీ చెప్పదు.

సగటులో ఏ అంకె దాకా బలం ఉందో చూడడానికి కాగితం, పెన్సిలు చాలు. ఒక కొలతను పక్కన పెట్టి మిగతా ఐదింటి సగటు తీయండి. అన్నిటికన్నా ఎక్కువ చూపిన హర్‌పూర్ కొలత తీసేస్తే సగటు 28,997.5కు దిగుతుంది. అన్నిటికన్నా తక్కువ చూపిన మినై కొలత తీసేస్తే 29,004.7కు ఎక్కుతుంది. ఒక్క కొలత ఉండడం, లేకపోవడంతోనే ఫలితం ఏడు అడుగుల మేర ఊగుతోంది. ఒకట్ల స్థానమే నిలకడగా లేనప్పుడు దశాంశం తర్వాతి అంకెకు అర్థం లేదు.

ఇదే సంగతిని గణాంక శాస్త్రం ఇంకాస్త కచ్చితంగా చెబుతుంది. ఈ ఆరు కొలతల ప్రామాణిక విచలనం సుమారు 13 అడుగులు. సగటులో ఉండే అనిశ్చితి దీనికంటే తక్కువ. 13ను 6 వర్గమూలంతో, అంటే దాదాపు 2.45తో భాగిస్తే సుమారు 5 వస్తుంది. కాబట్టి ఫలితాన్ని 29,002 ± 5 అడుగులు అని రాయాలి. అనిశ్చితిని ఒక అంకెకు సవరించి, సగటును కూడా ఆ స్థానం దగ్గరే ఆపడం ఇక్కడి పద్ధతి. అయితే ఈ సవరింపు చిట్టచివర ఒక్కసారే చేయాలి. లెక్క మధ్యలో ప్రతి మెట్టులోనూ సవరిస్తూ పోతే చిన్న చిన్న తేడాలు పోగుపడతాయి.

‘దత్తాంశాల్లో ఏ సంఖ్యకు తక్కువ సార్థక అంకెలు ఉన్నాయో ఫలితానికీ అన్నే’ అన్న బడి నియమాన్ని ఇక్కడ గుడ్డిగా వాడకూడదు. భాజకమైన 6ను ఒకే సార్థక అంకె ఉన్న కొలతగా తీసుకుంటే ఎవరెస్టు ఎత్తు 30,000 అడుగులు అయిపోతుంది! ఆ 6 కొలిచింది కాదు, లెక్కపెట్టింది. దానిలో సందేహానికి చోటే లేదు.

సగటు నిజంగా సరిగ్గా 29,000 వచ్చి ఉంటే మాత్రం ఒక చిక్కు ఉండేది. ఆ మూడు సున్నాలు కొలిచినవో, స్థానం నింపడానికి పెట్టినవో చూసేవారికి తెలియదు. దానికి మందు రెండడుగులు కలపడం కాదు, పక్కన ± 5 రాయడం. మీటర్లలోకి మార్చేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. 29,002ను 0.3048తో గుణిస్తే క్యాలిక్యులేటర్ 8,839.8096 అని చూపిస్తుంది. మన అనిశ్చితి మీటరున్నర పైనే కాబట్టి 8,840 ± 2 మీటర్లు అంటే చాలు. యూనిట్ మారినంత మాత్రాన కొలత మెరుగుపడదు.

ఇక ఆ ± 5కూ ఒక హద్దు ఉంది. అది కొలతలు ఒకదానితో ఒకటి ఎంత విభేదించాయో చూసి చెప్పిన మాట. అన్నీ కలిసి ఒకే వైపు తప్పితే అది పట్టుకోలేదు. నూరు మైళ్ళ గాలిలో కాంతి ఎంత వంగుతుందో, పర్వతాల బరువు తూకపు గుండును ఎంత లాగుతుందో ఆనాడు పూర్తిగా తెలియదు. ఈ రకం లోపాలు ఆరు చోట్లకూ ఉమ్మడివి. ఇంకో అరవై చోట్ల నుంచి చూసి సగటు తీసినా అవి పోవు. నేపాల్, చైనా 2020లో కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే సుమారు 29,032 అడుగులు. 1856 నాటి సగటు దీనికి 30 అడుగులు తక్కువ.