దానిమ్మ రసంతో బీపీ తగ్గుతుందా? గ్లాసులో ఏముందో కొలిచి చూద్దాం

పైన వీడియోలో దానిమ్మ కాయ ఒలిచి, గింజలు తూకం వేసి, రసం తీసి కొలిచాను. వీడియోలో చెప్పడానికి టైం చాలని విషయాలు ఇక్కడ రాస్తున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మా కొత్తపల్లె లాంటి ఊర్లలో ఈ మధ్య బీపీ, షుగర్ మాత్రలు లేని ఇల్లు అరుదు. అందుకే కాయ కొనేవాళ్లు రేటు అడిగాక మన మొహం చూసి అడిగే రెండో ప్రశ్న, "ఇది తాగితే బీపీ తగ్గుతుందంట గదా?" అని. దానికి మనం ఏం చెప్తామో దాన్ని బట్టే కొందరు మాత్ర మానేస్తారు. కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి.

బీపీ ఎంత తగ్గుతుంది?

తగ్గే మాట నిజమే, కానీ కొంచెమే. అప్పటిదాకా మనుషుల మీద చేసిన 8 పరీక్షల్ని కలిపి లెక్క కట్టి 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. అందులో పైన అంకె సగటున 5 పాయింట్లు, కింద అంకె 2 పాయింట్లు తగ్గాయి. ఆ పరీక్షలు చిన్నవి, చాలావరకు కొన్ని వారాలే నడిచినవి. బీపీ మాత్ర ఒకటి మామూలు డోసులో సగటున 9 పాయింట్ల దాకా తగ్గిస్తుంది. పైగా మాత్ర మోతాదు ఎప్పుడూ ఒకటే. కాయలో సరుకు మాత్రం రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి మారుతుంది.

మా ఊర్లో నేను మామా అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన టెల్మిసార్టాన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడతాడు. మాత్ర వేసుకున్నన్నాళ్లు బీపీ 138 దగ్గర ఉండేది. రసం మొదలుపెట్టి బీపీ మాత్ర ఆపేశాడు. అడిగితే, "రసం తాగుతున్నా గదా అబ్బీ, ఇంక మాత్ర ఎందుకు?" అన్నాడు. మూడు వారాలయ్యాక మిషన్ పెట్టి చూస్తే 158. మాత్ర లేకుండా ఆయన బీపీ ముందునుంచీ 160 చుట్టూనే ఉండేది. అంటే రసం చేసిన పని రెండు పాయింట్లో, అది కూడా లేదో. ఆయనకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, "బాగానే ఉన్నా" అంటాడు. బీపీతో వచ్చిన ఇబ్బంది అదే, పెరిగినా తెలియదు. మిషన్ పెడితేనే తెలుస్తుంది. డాక్టరు మళ్లీ మాత్ర మొదలుపెట్టించాడు.

గ్లాసులో చక్కెర ఎంత?

వీడియోలో చూశారు గదా, 280 గ్రాముల కాయలో గింజలు 150 గ్రాములు వచ్చినాయి. వడకడితే రసం 110 మిల్లీలీటర్లు. పెద్ద స్టీలు గ్లాసు 300 మిల్లీలీటర్లు నిండాలంటే దాదాపు మూడు కాయలు కావాలి.

100 మిల్లీలీటర్ల రసంలో చక్కెర 12.6 గ్రాములు ఉంటుంది. కాబట్టి ఆ పెద్ద గ్లాసులో 38 గ్రాములు. టీ స్పూన్ 5 గ్రాములు అనుకుంటే ఏడున్నర స్పూన్లు. మనం ఒక స్పూన్ కూడా కలపలేదు, అది కాయలోనే ఉన్న చక్కెర. జీవామృతంతో పండించినా, మందులు కొట్టి పండించినా ఈ లెక్క మారదు. మామకు ఆ వారాల్లో షుగర్ కూడా పెరిగింది. రోజూ పొద్దున పరగడుపున ఆ గ్లాసు తాగితే పెరగక ఏమవుతుంది?

గింజలు నమిలి తింటే? ఒక కాయ గింజల్లో కూడా చక్కెర 20 గ్రాముల దాకా ఉంది. కాకపోతే దాంతోపాటు 6 గ్రాముల పీచు ఉంటుంది, నమలడానికి టైం పడుతుంది, షుగర్ మెల్లగా ఎక్కుతుంది. ముఖ్యంగా మూడు కాయలు ఎవరూ కూర్చుని నమలరు. షుగర్ ఉన్నవాళ్లకు సగం కాయ గింజలు, అన్నంతో పాటు వచ్చే లెక్కలో చూసుకుని తినడం మేలు.

యాంటీఆక్సిడెంట్ మాట ఎక్కడిది?

"గ్రీన్ టీ కంటే మూడు రెట్లు" అనే మాట వినే ఉంటారు. అది 2000లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలోది. అక్కడ కొలిచింది గాజు నాళికలో, మనిషి ఒంట్లో కాదు. ఇంకో సంగతి, ఫ్యాక్టరీల్లో కాయను తొక్కతో సహా నొక్కుతారు. ప్యునికలాజిన్ అనే ముఖ్యమైన పదార్థం ఎక్కువగా ఉండేది తొక్కలో, లోపలి తెల్ల పొరల్లో. మనం ఇంట్లో గింజల నుంచి తీసే రసంలో అది బాగా తక్కువ. ఒంట్లోకి పోయాక కూడా అది నేరుగా రక్తంలో కలవదు. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని వేరే పదార్థంగా మారుస్తాయి, ఆ సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు. నేలలో జీవాలు లేకపోతే ఎరువు పనిచేయనట్టే అనుకోండి.

అమెరికాలో పామ్ వండర్‌ఫుల్ అనే రసం కంపెనీ గుండె జబ్బుకు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మంచిదని ప్రకటనలు ఇచ్చింది. చేతిలో పరిశోధనలు ఉన్నా, ఆ మాటలకు అవి చాలవని అక్కడి ప్రభుత్వ సంస్థ 2013లో తేల్చింది. 2015లో పై కోర్టు కూడా ఆ ప్రకటనలు మోసపూరితమనే చెప్పింది.

ఏ మాత్రలతో జాగ్రత్త?

పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ కొన్ని మాత్రల్ని రక్తంలో విపరీతంగా పెంచుతుంది. దానిమ్మ కూడా అంతేనని భయపెడతారు. ల్యాబ్‌లో అలా కనిపించింది గానీ మనుషుల మీద చూసినప్పుడు ఆ ప్రభావం తేలలేదు. అయినా కొందరు జాగ్రత్త పడాల్సిందే.

మొదటిది, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవాళ్లు. ఈ మాత్రలు ఒంట్లో పొటాషియం నిలబెడతాయి. 300 మిల్లీలీటర్ల రసంలో పొటాషియం 640 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీలు బాగుంటే బయటికి పోతుంది. కిడ్నీ దెబ్బతిన్నా, స్పైరోనోలాక్టోన్ కూడా వాడుతున్నా పొటాషియం పేరుకుని గుండె లయ తప్పొచ్చు. ఇది కూడా పైకి తెలియదు, రక్తపరీక్షలో పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోవాలి.

రెండోది, గుండె కవాటం మార్చినవాళ్లు వాడే వార్ఫరిన్. దానిమ్మ రసంతో రక్తం మరీ పలచబడిన ఉదంతాలు కొన్ని నమోదయ్యాయి. వీళ్లు రసం మొదలుపెట్టాలన్నా, అలవాటైన రసం ఆపాలన్నా డాక్టరుకు చెప్పి ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. చిగుళ్ల నుంచి రక్తం, కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

మూడోది, కొలెస్ట్రాల్‌కు వాడే రోసువాస్టాటిన్. దీంతో కండరాలు దెబ్బతిన్న ఉదంతం ఒకటి ఉంది. ఒకే ఉదంతం కాబట్టి కచ్చితంగా రసం వల్లే అనలేం. కారణం లేకుండా కండరాల నొప్పి వచ్చి, మూత్రం ముదురు రంగులో పోతే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

ఇంట్లో చూసుకోవాలంటే

మాత్ర ఆపకుండా రోజుకు 100 మిల్లీలీటర్లకు మించకుండా, అన్నం తిన్నాక తాగండి. షుగర్ ఉన్నవాళ్లు, పైన చెప్పిన మాత్రలు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగండి. మొదలుపెట్టే ముందు వారం, తర్వాత రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చుని బీపీ చూసి నోట్‌బుక్‌లో రాయండి. రెండు సగటులు పక్కన పెడితే మీ ఒంటికి పనిచేసిందో లేదో అదే చెప్తుంది. ఆ నోట్‌బుక్ డాక్టరుకు చూపిస్తే మోతాదు మార్చాలా వద్దా ఆయనే చెప్తాడు.

ఇక అమ్మే రైతులకు ఒక మాట. రసం సీసా మీద గానీ, తోట దగ్గర బోర్డు మీద గానీ "బీపీ తగ్గిస్తుంది" అని రాయకండి. జబ్బు నయం చేస్తుందని ఆహారం మీద చెప్పుకోవడం ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల ప్రకారం కుదరదు. రకం పేరు, కోసిన తేదీ, మందులు కొట్టని సంగతి రాయండి. కొనేవాళ్లు బీపీ గురించి అడిగితే, "ముందు మీరు ఏం మాత్రలు వాడుతున్నారో చెప్పండి" అని తిరిగి అడగండి.