మధ్యలో మానేసినవారి లెక్క

ఒక కొత్త డిప్రెషన్ మందును పన్నెండు వారాల పాటు పరీక్షిస్తున్నారనుకుందాం. సగం మందికి మందు, సగం మందికి ప్లాసిబో. మొదట్లోనూ, ఆపైన ప్రతి నాలుగు వారాలకూ పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి నింపిస్తారు. స్కోరు 0 నుంచి 27 దాకా ఉంటుంది. పెరిగేకొద్దీ జబ్బు ఎక్కువని అర్థం.

కొందరు మధ్యలో రావడం మానేస్తారు. నయమైందని కొందరు, మందు పడక కొందరు, మంచం దిగే ఓపిక లేక కొందరు. జబ్బే మనిషిని ఆస్పత్రికి రానివ్వకపోవడం ఇక్కడి అసలు చిక్కు. వచ్చినవాళ్ల స్కోర్లే లెక్కేస్తే, నలిగిపోయినవాళ్లు లెక్కలోంచి జారిపోవచ్చు.

ఒకామెకు మొదట 18, నాలుగో వారం 14 వచ్చాయి. తర్వాత ఆమె రాలేదు. పాత పద్ధతిలో ఆ 14నే చివరిదాకా వేసేవారు. ఆమె అక్కడే ఆగిపోయిందని ఎవరు చెప్పారు? పైగా ఊహించిన అంకెకు కొలిచిన అంకెతో సమానమైన నమ్మకం ఇచ్చినట్టవుతుంది.

డొనాల్డ్ రూబిన్ 1987లో పుస్తకంగా వివరించిన మల్టిపుల్ ఇంప్యుటేషన్ ఈ రెండో తప్పును సరిచేస్తుంది. ఆమె వర్గంలోనే, ఆమెలాంటి స్కోర్లతో మొదలై చివరిదాకా వచ్చినవారిని చూసి, ఆమె పన్నెండో వారం స్కోరుకు ఒకటి కాదు, ఐదు అంచనాలు వేస్తారు: 9, 13, 11, 15, 7. అలా ఐదు పూర్తి పట్టికలు తయారవుతాయి. (నిజంగా చేసేటప్పుడు ఇరవై, యాభై కూడా వేస్తారు.) మందుకూ ప్లాసిబోకూ మధ్య తేడా వాటిలో 2.6, 3.1, 2.2, 2.9, 2.7 వచ్చిందనుకుందాం. సగటు 2.7. ఒక్కో పట్టికలో ప్రామాణిక దోషం 0.8 అయితే, పట్టికల మధ్య ఊగిసలాటను కూడా కలిపాక అది 0.88 అవుతుంది. మనకు తెలియనితనం ఆ పెరుగుదలలో కనిపిస్తుంది. తేడా దోషానికి మూడు రెట్లుంది కనుక మందు పనిచేసినట్టే.

అయితే ఇదంతా ఒక నమ్మకం మీద నిలబడింది: మానేసినవారు, అలాంటి స్కోర్లతోనే కొనసాగినవారిలాగే ఉంటారని. డిప్రెషన్‌లో అది నిజం కాకపోవచ్చు, దాన్ని తేల్చే సాక్ష్యం చేతిలోని అంకెల్లో దొరకదు. అందుకే మంచి ప్రణాళికలో మరో పరీక్ష రాసి ఉంచుతారు. మందు వర్గంలో మానేసినవారి అంచనాలకు ఒక్కో పాయింటు కలుపుతూ పోతారు. ఆ వర్గంలో ఇరవై శాతం మంది మానేస్తే, 4 పాయింట్లు కలిపినప్పుడు తేడా 1.9కి దిగుతుంది, ఫలితం ఇంకా నిలుస్తుంది. 5 కలిపితే 1.7 అయి, దోషానికి రెట్టింపు కన్నా తగ్గి, కూలుతుంది. పీహెచ్‌క్యూ-9లో 5 పాయింట్లంటే వైద్యులు పట్టించుకునే మార్పే. మానేసినవారు అంత దిగజారి ఉండగలరా అన్నది ఇక మానసిక వైద్యులు తేల్చాలి.

ఎన్ని పట్టికలు, ఏ వివరాలతో అంచనా, ఎంత దాకా కలపాలి, ఇవన్నీ ఎవరికి మందు వెళ్లిందో తెలియకముందే రాసిపెట్టాలి. లేకుంటే నచ్చిన ఫలితమిచ్చే పద్ధతినే ఏరుకునే వీలుంటుంది. మందు మానేసినవారికి కూడా పన్నెండో వారం ఫోన్ చేసి ఆ తొమ్మిది ప్రశ్నలు అడగాలనీ, మానేసిన కారణం రాసుకోవాలనీ పరిశోధన పత్రంలోనే పెడితే, ఊహించాల్సిన గళ్లే తగ్గుతాయి.