మార్కాపురం పలకల డాలర్లు ముంబైలో ఏమవుతాయి?

మార్కాపురం పలక రాయిని ఇప్పుడు ఎక్కువగా గోడలకు, నేలకు అతికించే బండలుగా కోసి విదేశాలకు పంపుతున్నారు. కంటైనర్ ఓడ ఎక్కాక కొన్నాళ్లకు ఎగుమతిదారు ఖాతాకు డాలర్లు వస్తాయి. వాటిని రూపాయలుగా మార్చి కూలీలకు, లారీలకు కట్టాలి. అక్కడి నుంచి ఆ డాలర్లు వెళ్లే దారి గురించి కొన్ని విశేషాలు.

★

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఉన్న బ్యాంకు శాఖ ఆ డాలర్లను తన దగ్గర ఉంచుకోదు. సాధారణంగా ముంబైలో ఉండే ట్రెజరీకి, అంటే డీలింగ్ రూమ్‌కు చేరవేస్తుంది. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు కొని ఎగుమతి చేసే కంపెనీల డాలర్లు కూడా ఏదో ఒక బ్యాంకు ట్రెజరీకే చేరతాయి. ఒక్కొక్కరు 40,000 డాలర్లు అమ్మారనుకుంటే, అలాంటి పాతికమంది కలిస్తే 10 లక్షల డాలర్లు. బ్యాంకులు తమలో తాము బేరం చేసుకునేటప్పుడు మామూలుగా వాడే కొలత అదే.

★

ఆ బేరంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక బ్యాంకు డీలరు మరో బ్యాంకును రేటు అడిగేటప్పుడు కొంటాడో అమ్ముతాడో చెప్పడు. అవతలివాడు రెండు ధరలూ ఒకేసారి చెప్పాలి: తాను కొనే ధర బిడ్, తాను అమ్మే ధర ఆఫర్. బంగారం కొట్టులో మనం పాత గొలుసు తీసి బల్ల మీద పెట్టగానే అమ్మడానికి వచ్చామని తెలిసిపోతుంది, ధర దాన్నిబట్టే మారుతుంది. డీలరుకు ఆ అవకాశం లేదు. కొనే ధర మరీ తగ్గించి చెబితే ఎవరూ అమ్మరు. రెండు ధరలనూ కలిపి పైకి జరిపితే అడిగినవాడు వెంటనే అమ్మేస్తాడు, కిందికి జరిపితే కొనేస్తాడు. ధరను నిజాయితీగా ఉంచేది ఈ తెలియనితనమే.

★

ఇంతకీ వాళ్లు చెప్పేది రెండు మాటలే. డాలరు 88 రూపాయల 10 పైసల దగ్గర ఉందనుకోండి. ‘పది, పదకొండు’ అంటే 88.10కి కొంటాను, 88.11కి అమ్ముతాను అని. 88 సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి పలకరు. అడిగినవాడు ‘మైన్’ అంటే కొన్నట్టు, ‘యువర్స్’ అంటే అమ్మినట్టు. మార్కెట్ నెమ్మదిగా ఉన్న రోజున ఆ రెండు ధరల మధ్య తేడా పావు పైసా దాకా తగ్గుతుంది.

★

పావు పైసా కోసం ఇంత తతంగమా అనిపిస్తుంది. 10 లక్షల డాలర్ల మీద ఒక పైసా అంటే 10,000 రూపాయలు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మన డీలరు ‘పది, పదకొండు’ అన్నాడు, అవతలి బ్యాంకు ‘యువర్స్’ అంది. 10 లక్షల డాలర్లు 88.10 చొప్పున అతని నెత్తిన పడ్డాయి. డీలర్ల భాషలో ఇప్పుడతను ‘లాంగ్’. డాలరు ఐదు పైసలు పడితే 50,000 రూపాయలు పోతాయి.

అందుకని మళ్లీ ఎవరైనా అడిగినప్పుడు అతను ‘తొమ్మిదిన్నర, పదిన్నర’ అంటాడు. తేడా అదే పైసా, రెండు ధరలూ అర పైసా కిందికి జరిగాయంతే. మిగతా బ్యాంకులు పదకొండుకు అమ్ముతుంటే ఇతను పదిన్నరకే ఇస్తున్నాడు కాబట్టి కొనేవాళ్లు ఇతని దగ్గరికే వస్తారు. వేరేచోట పది పలుకుతుంటే తొమ్మిదిన్నరకు అమ్మడానికి ఎవరూ రారు. 88.1050కి అమ్ముడైతే మిగిలేది 5,000 రూపాయలు. పదకొండు దాకా ఆగి ఉంటే 10,000 వచ్చేవి. ఆ మిగతా 5,000 వదులుకున్నది నెత్తిన భారం త్వరగా దిగడానికే. చేతిలో ఏమీ మిగలకపోతే ‘స్క్వేర్’ అయ్యాడంటారు.

★

రిచర్డ్ లయన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1992 ఆగస్టులో న్యూయార్క్ డీలరు ఒకరి లావాదేవీలను వారం రోజులు వరుసగా నమోదు చేశాడు. డాలరు, జర్మన్ మార్కు జత అది. ఆ డీలరు చేతిలోని నిల్వలో సగం సుమారు పది నిమిషాల్లోనే దిగిపోయేదని తేలింది. ధరలను ఇలా పక్కకు జరపడమూ ఆ లెక్కల్లో కనబడింది. కానీ 1998లో ఒక స్కాండినేవియా బ్యాంకు డీలర్లను పరిశీలించిన బ్యోన్నెస్, రిమె అనే ఇద్దరికి ఆ జరపడం కనబడలేదు. కారణం ఆలోచిస్తే సబబుగానే ఉంటుంది. ధర జరిపితే తాను ఇరుక్కున్నానని అవతలివాడికి చెప్పినట్టే. అప్పటికి తెర మీద ఇతరుల ధరలు చూసి బేరం చేసే వ్యవస్థలు వచ్చాయి. డీలరు తన ధర కదపకుండా, ఇతరుల బిడ్ మీద చప్పుడు లేకుండా అమ్ముకోవచ్చు. అలా వదిలించుకున్న భారం మరో బ్యాంకు నెత్తిన పడుతుంది, అక్కడి నుంచి ఇంకో బ్యాంకుకు. ఖాతాదారు అమ్మింది ఒక్కసారే అయినా బ్యాంకుల మధ్య అదే మొత్తం ఎన్నోసార్లు చేతులు మారుతుంది.

★

మన బ్యాంకుల మధ్య డాలర్ల బేరం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా. ఆ తర్వాత చేతిలో మిగిలిన నిల్వ మామూలుగా రాత్రంతా మోయాల్సిందే. అదెంత ప్రమాదమో 2013 ఆగస్టు 28 చూపించింది. ఆ రోజు రూపాయి డాలరుకు 68.80 దాటింది. మార్కెట్ ముగిశాక రిజర్వ్ బ్యాంకు ఒక ప్రకటన చేసింది: ఐఓసీ, హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్‌లకు రోజూ కావలసిన డాలర్లను ప్రత్యేక ఏర్పాటు ద్వారా తానే ఇస్తానంది. మార్కెట్‌లో అందరికన్నా ఎక్కువగా డాలర్లు కొనేది ఆ చమురు కంపెనీలే. మర్నాడు రూపాయి రెండు రూపాయలకు పైగా బలపడింది. 10 లక్షల డాలర్లు పట్టుకుని ఇంటికెళ్లిన డీలరుకు తెల్లారేసరికి 20 లక్షల రూపాయలకు పైగా నష్టం. పైసల్లో సంపాదించింది రూపాయల్లో పోయింది. అందుకే రాత్రి పూట ఎంత నిల్వ ఉండవచ్చో ప్రతి బ్యాంకుకూ హద్దు ఉంటుంది. మొత్తం మూలధనంలో 25 శాతం దాటకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. డీలర్లు విడివిడిగా ఉంచుకోదగిన మొత్తాలు దానికన్నా చాలా తక్కువ.

★

మళ్లీ మార్కాపురానికి వద్దాం. ముంబైలో 88.10కి కొంటున్న సమయంలో శాఖలో 87.90 చెప్పారనుకుందాం. 40,000 డాలర్ల మీద ఆ 20 పైసల తేడా 8,000 రూపాయలు. చిన్న మొత్తాలకు శాఖలు పొద్దున్నే వేసిన కార్డు రేటు వాడతాయి. మధ్యలో మార్కెట్ కదిలినా నష్టం రాకుండా ఉండాలని అందులో ఎడం కాస్త ఎక్కువగా పెడతారు. ఇంకో కారణమూ ఉంది. బ్యాంకులు చెప్పుకునే రేటు రెండు పనిదినాల తర్వాత డబ్బు చేతులు మారే బేరానిది, దాన్ని స్పాట్ అంటారు. మీకు రూపాయలు ఇవాళే కావాలంటే రేటు ఇంకాస్త తగ్గుతుంది. ఎందుకంటే మన వడ్డీ రేట్లు అమెరికా వడ్డీకన్నా ఎక్కువ, ఆ రెండు రోజుల వడ్డీ తేడా రేటులో కలుస్తుంది. ఆ కోత న్యాయమైనదే. మిగతాది బేరమాడదగింది.

★

డాలర్లు అమ్మే ఎగుమతిదారులకు ఒక మాట. శాఖలో ‘ఇవాళ్టి రేటెంత’ అని అడిగి ఊరుకోకండి. ట్రెజరీ నుంచి అప్పటికప్పుడు రేటు తెప్పించమనండి. కొనే ధర, అమ్మే ధర రెండూ చెప్పమనండి. రెండింటి మధ్య ఎడం చూస్తే మీ మీద ఎంత వేస్తున్నారో తెలిసిపోతుంది. చిన్న ఖాతాదారులు కూడా బ్యాంకుల మధ్య నడిచే ధరకు దగ్గరగా బేరం చేసుకునేందుకు క్లియరింగ్ కార్పొరేషన్ 2019 ఆగస్టు 5 నుంచి ఎఫ్‌ఎక్స్-రిటైల్ అనే వేదిక నడుపుతోంది. అందులో బ్యాంకు తీసుకునే రుసుము ముందే ఒప్పుకున్నదై ఉండాలి, రేటులో కలిపేయకుండా విడిగా చూపాలి. నమోదుకు మీ బ్యాంకు ఆమోదం కావాలి. ఈసారి కంటైనర్ బయలుదేరక ముందే ఆ పని చేయించుకోండి.