కింద యాభై రూపాయలు, పైన రెండు వేల నాలుగొందలు

హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్ లాంటి చోట్ల అపార్టుమెంట్ల మధ్య ఏ వీధిలో చూసినా షట్టర్లలో ఒక లేడీస్ బ్యూటీ పార్లర్ కనిపిస్తుంది. రెండు కుర్చీలు, గోడంతా అద్దం, వెనకాల కర్టెన్ కట్టిన చిన్న గది. నడిపే ఆవిడే పనీ చేస్తుంది, తోడుగా ఒక అమ్మాయి ఉంటుంది. ఇప్పుడు అదే వీధిలో, ఒక్కోసారి అదే భవనం మొదటి అంతస్తులో, స్పా తరహా స్టూడియో తెరుస్తున్నారు. మసక దీపాలు, చల్లటి గదులు, నిమ్మగడ్డి నూనె వాసన, ముందుగా అపాయింట్‌మెంట్. ఈ రెండింటికీ కస్టమర్లు చాలావరకు ఒకే అపార్టుమెంట్లలోని ఆడవాళ్లు. అలాంటప్పుడు పైనున్న స్టూడియో దేన్ని అమ్మాలి, దేన్ని అమ్మకూడదు? కొత్తగా పెట్టేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

చాలామంది కింద పార్లర్ బోర్డు మీదున్న జాబితానే పైకి తెచ్చుకుంటారు. ఐబ్రోస్, అప్పర్ లిప్, వాక్సింగ్, క్లీనప్, ఫేషియల్, పెడిక్యూర్ అన్నీ అవే, రేట్లు మాత్రం మూడింతలు. నష్టం ఆ కార్డులోని మొదటి వరుస నుంచే మొదలవుతుంది. ఫేషియల్ ఎంతకు చేస్తే న్యాయమో ఎవరికీ ఒక లెక్కంటూ లేదు. ఐబ్రోస్‌కు మాత్రం వీధిలో ప్రతి ఒక్కరి దగ్గరా లెక్క ఉంది, ఎందుకంటే రెండు మూడు వారాలకోసారి చేయించుకునే పని అది. కింద యాభైకి చేసేదాన్ని పైన నూట యాభై అని చదవగానే, మిగతావన్నీ కూడా ఇలాగే పెంచి రాశారని ఆవిడ నిర్ణయించేసుకుంటుంది. కింది వరుసలు ఇక నమ్మి చదవదు.

ఆ నూట యాభై కూడా స్టూడియోకు గిట్టదు. ఎందుకో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. మూడు గదుల స్టూడియో అనుకోండి. అద్దె 70,000 రూపాయలు. ముగ్గురు థెరపిస్టులకు, ఫ్రంట్ డెస్క్ అమ్మాయికి కలిపి జీతాలు 90,000. కరెంటు, నీళ్లు, తువ్వాళ్ల ఉతుకు 35,000. ఇంటీరియర్‌కు పెట్టిన 18 లక్షలను ఐదేళ్లలో రాబట్టాలంటే నెలకు 30,000. ప్రచారం, రిపేర్లు వగైరా 15,000. మొత్తం నెలకు 2,40,000. రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు తెరిస్తే మూడు గదులకు కలిపి 780 గంటలు. అందులో నలభై శాతం నిండితే 312 గంటలు. అంటే కస్టమర్ పడుకున్న ప్రతి గంటకూ గది ఖర్చే దాదాపు 770 రూపాయలు. ఐబ్రోస్ పది నిమిషాల్లో అయిపోయినా, షీటు మార్చి గది సర్దేసరికి పావుగంట పడుతుంది. ఖర్చు 190 దాటింది, తీసుకున్నది 150.

కిందావిడ లెక్క వేరు. అద్దె, హెల్పర్ జీతం, కరెంటు కలిపి 32,000 అనుకుందాం. రెండు కుర్చీలు సగం సమయం నిండినా గంటకు 125 లోపే పడుతుంది. ఏడెనిమిది నిమిషాల పనికి పదిహేను, పదహారు రూపాయల ఖర్చు, చేతికి యాభై. పైగా రోజుకు ఎన్నో ముఖాలు చూసిన చెయ్యి కాబట్టి ఆవిడ దారం పట్టు కొత్త థెరపిస్టు పట్టుకంటే బాగుంటుంది కూడా. ఈ పనిలో ఆవిడతో పోటీకి దిగడం దండగ. నన్నడిగితే స్టూడియో మెనూలో ఐబ్రోస్‌కు విడిగా రేటే ఉండకూడదు. ఫేషియల్‌కు వచ్చినవాళ్లకు అందులో భాగంగా చేసి పెడితే సరిపోతుంది. ఒక్క ఐబ్రోస్ కోసమే ఫోన్ చేసినవాళ్లకు, "కింద అక్క దగ్గర బాగా చేస్తారండీ" అని చెప్పగలగాలి. కింద కూడా పెళ్లికూతురి తల్లి స్పా ఎక్కడుందని అడిగినప్పుడు ఆ మాట గుర్తుంటుంది.

మరి రెండు వేల నాలుగొందలు పెట్టి ఫేషియల్ చేయించుకునే మనిషి దేనికి ఇస్తోంది? అలంకరణకు అనుకుని బుద్ధ విగ్రహాలు, వెదురు మొక్కలు కొంటారు. అవి మొదటిసారి పైకి రప్పిస్తాయేమో కానీ రెండోసారి రప్పించవు. రెండోసారి రప్పించేవాటిలో మొదటిది గడియపడే తలుపు. కింద పార్లర్‌లో ఫేస్‌ప్యాక్ వేసుకుని కూర్చుంటే ఎదురు ఫ్లాట్ వదిన లోపలికి వస్తుంది. పీసీఓడీ వల్ల గడ్డం మీద వెంట్రుకలు వచ్చే పాతికేళ్ల అమ్మాయి, నలభై దాటాక అదే ఇబ్బంది మొదలైన గృహిణి, ఆ పని నలుగురి ముందు చేయించుకోలేరు. గొంతు తగ్గించి అడిగి, కర్టెన్ వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు. వాళ్లకు తలుపు వేసిన గది, పక్కగదికి మాట వినిపించని గోడ, పేరు గట్టిగా పిలవని రిసెప్షన్ ఉంటే, ఆ ధర వాళ్లకు ఎక్కువ అనిపించదు. అందుకే జిప్సమ్ బోర్డుతో అడ్డం పెట్టి, పైన ఖాళీ వదిలేసి, మూడు గదులని చెప్పుకునే స్టూడియో తన అసలు సరుకునే పోగొట్టుకుంటోంది. ఖర్చు తగ్గించుకోవాలంటే గదులు రెండే కట్టి, గోడలు స్లాబ్ దాకా లేపడం మేలు.

రెండోది శుభ్రత. కస్టమర్ కంటికి కనిపించే శుభ్రత. ఈ విషయంలో ఖరీదైన సామాను మోసం చేయగలదు. 2000 సంవత్సరంలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఒకే నెయిల్ సెలూన్‌కు వెళ్లిన వందమందికి పైగా ఆడవాళ్లకు మోకాళ్ల కింద కురుపులు లేచాయి. ఆరోగ్య శాఖవాళ్లు వెళ్లి చూస్తే, నీళ్లు సుడులు తిరిగే పెడిక్యూర్ టబ్బుల్లో నీటిని లాగే జాలీల వెనక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుని ఉన్నాయి. అక్కడ మైకోబ్యాక్టీరియం ఫార్చూయిటమ్ అనే సూక్ష్మజీవి పెరిగింది. పైకి తళతళలాడే టబ్బు కంటే, కస్టమర్ కస్టమర్‌కూ కొత్త ప్లాస్టిక్ లైనర్ వేసే మామూలు స్టీలు బేసిన్ ఎంతో నయం. పైపుల్లేవు, జాలీల్లేవు, మురికి దాక్కునే చోటే లేదు. స్పా అనగానే జెట్ టబ్బు కొనాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి. కొంటే మాత్రం రోజూ ఆ జాలీ విప్పి కడిగే మనిషీ కావాలి.

చాలా పార్లర్లలో కనిపించే నీలిరంగు లైటు పెట్టె సంగతీ ఇలాంటిదే. అందులో పెట్టిన కత్తెరకు వెలుగు తగిలిన వైపు తప్ప రెండో వైపు ఏమీ కాదు. కడిగి శుద్ధి చేసినవాటిని దాచుకోవడానికి ఆ పెట్టె పనికొస్తుంది, అంతే. క్యూటికల్ నిప్పర్, బ్లాక్‌హెడ్ తీసే కడ్డీ లాంటి లోహపు పనిముట్లు బాగా కడిగాక ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పదిహేను నిమిషాలు ఉండాలి. వాటిని పెట్టే పేపర్ పౌచ్ మీద ఒక గుర్తు వేడికి రంగు మారుతుంది. థెరపిస్టు ఆ పౌచ్‌ను కస్టమర్ ఎదురుగా చించి తీసిందంటే ఇంకే మాటా చెప్పనక్కర్లేదు. వాక్స్ చెక్కపుల్లను ఒకసారి ముంచి రాసి పారేయడం, ఫేషియల్‌కు పెద్ద డబ్బాలోంచి తీయకుండా ఒకరికే సరిపడే కిట్ సీలు కళ్లెదుటే తెరవడం కూడా అలాంటివే. పెద్ద బ్రాండు డబ్బాలో లోపలున్నది అదేనా అన్న అనుమానం మన ఆడవాళ్లలో బలంగా ఉంది, అది ఊరికే పుట్టింది కాదు.

వీటన్నిటికీ ఖర్చవుతుంది. కిట్, లైనర్, షీట్లు, పౌచ్ కలిపి ఒక ఫేషియల్‌కు 400 అనుకుందాం. డెబ్బై ఐదు నిమిషాల పని, గది మళ్లీ సిద్ధం చేయడానికి పావుగంట. ఈ గంటన్నరకు గది ఖర్చు 1,155. సామానుతో కలిపి 1,555. అందుకే 2,400 అనే ధర గొప్ప కోసం రాసింది కాదు. దాని మీద జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సేవలకు 18 శాతం పోయి 5 శాతం అయింది కానీ, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే ఇంటీరియర్‌కు, క్రీములకు కట్టిన పన్ను తిరిగి రాదు, ఖర్చులోనే కలిసిపోతుంది. ఏడాదికి 20 లక్షల లోపు చూసే కింద పార్లర్‌కు ఈ బాధ సాధారణంగా ఉండదు.

అసలు ప్రమాదం మూడో నెలలో వస్తుంది. గదులు ఖాళీగా ఉంటాయి, అద్దె తేదీ దగ్గరపడుతుంది, పక్క కాలనీల్లో ఫిఫ్టీ పర్సెంట్ ఆఫ్ పాంప్లెట్లు పంచుతారు. 2,400 ధరకు సామాను 400 పోగా ఫేషియల్‌కు 2,000 మిగులుతుంది. నెల ఖర్చు 2,40,000 రావాలంటే 120 ఫేషియళ్లు కావాలి, రోజుకు ఐదు లోపే. ధర 1,200 చేస్తే మిగిలేది 800. అదే ఖర్చుకు 300 ఫేషియళ్లు కావాలి, రోజుకు పదకొండు పన్నెండు. ధర సగమైతే పని రెండున్నర రెట్లు. ముగ్గురు అమ్మాయిలు రోజూ అన్ని చేయాలంటే గది సర్దే పావుగంట ముందు మాయమవుతుంది, తర్వాత మసాజ్ నిమిషాలు తగ్గుతాయి. పాంప్లెట్ చూసి వచ్చినవాళ్లు ఆఫర్ అయిపోగానే రారు. పూర్తి ధర ఇచ్చినవాళ్లకు తాము మోసపోయామనిపిస్తుంది.

ఖాళీ గంటలు వృథా అన్నది నిజమే. మంగళ, బుధవారాల్లో పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ రారు. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా పెళ్లిళ్ల పని ఆగిపోతుంది. అప్పుడు ధర కదపకుండా, ఆ వేళల్లో వచ్చినవాళ్లకు పావుగంట తలకు నూనె మర్దన కలపొచ్చు. ఎలాగూ ఖాళీగా ఉన్న అమ్మాయి సమయమే కాబట్టి స్టూడియోకు పడేది కొంచెం నూనె ఖర్చు. కస్టమర్‌కు మాత్రం కార్డు మీద 500 ఉన్న సేవ ఉచితంగా అందుతుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు రోజులకు ఇలాంటిదేమీ పెట్టనక్కర్లేదు. ఆ వారం కింద పార్లర్ బయట బెంచీ మీద కూర్చోలేనివాళ్లు, అపాయింట్‌మెంట్ దొరికితే చాలని పైకి ఫోన్ చేస్తారు. ఆ రోజు ఇచ్చిన టైముకు సరిగ్గా పడుకోబెట్టగలిగితే పదిమందికి చెప్పుకుంటారు. ముప్పావుగంట ఆలస్యమైతే, ఇంత డబ్బు పోసి కింద బెంచీయే మళ్లీ పైన కూర్చున్నట్టు అనిపిస్తుంది.

స్టూడియో దారిలో పడిందో లేదో ఆరునెలలకు పుస్తకం తీసి చూస్తే తెలిసిపోతుంది. మొదటిసారి వచ్చినవాళ్లలో రెండు నెలల్లోపు మళ్లీ వచ్చినవాళ్లెందరో లెక్కపెట్టాలి, అదీ ఆఫర్ లేకుండా. ఫోన్లో మొదటి ప్రశ్న "ఐబ్రోస్ ఎంత?" అనే ఉంటే వీధికి ఇంకా అది ఖరీదైన పార్లరే. "శనివారం నాలుగింటికి ఖాళీ ఉందా, పోయినసారి చేసిన అమ్మాయే ఉంటుందా?" అని అడుగుతుంటే స్టూడియోగా గుర్తించారన్నమాట. ఆ రెండో మాటలో ఒక చిక్కుంది. ఆ అమ్మాయి రెండు వేల జీతం ఎక్కువిస్తామంటే వేరేచోటికి వెళ్లిపోతుంది, కస్టమర్లు ఆమె వెంట పోతారు. అందుకే ప్రతి కస్టమర్‌కూ ఒక కార్డు రాయించాలి. రెటినాల్ క్రీమ్ వాడుతోందా, వాడితే ముఖానికి వాక్స్ వద్దు, లేకపోతే చర్మం ఊడొస్తుంది. ఏ ప్యాక్‌కు మంట పుట్టింది, మెడ దగ్గర ఎంత ఒత్తిడి కావాలంది, ఏసీ ఎక్కువైందా. కొత్తమ్మాయి ఆ కార్డు చదువుకుని గదిలోకి వెళ్లి, "పోయినసారి బొప్పాయి ప్యాక్ పడలేదు కదండీ, ఇవాళ అది వెయ్యట్లేదు" అంటే, పాతమ్మాయి గురించి అడిగే కస్టమర్లలో కొందరైనా ఆగిపోతారు.